సింగర్ వ్యాసంలోని వాదాన్ని విప్పి రాయడం: చెరువులో పిల్లవాడి దగ్గర్నుంచి ఐదు పౌండ్ల లెక్క దాకా

ప్రశ్న: ఎం.ఏ. ఫిలాసఫీ మొదటి సెమిస్టర్ అండీ. పీటర్ సింగర్ 1972 వ్యాసం 'ఫామిన్, అఫ్లుయెన్స్, అండ్ మొరాలిటీ'ని ప్రెమిసులుగా విడగొట్టి, ఒక ఆక్షేపణ, దానికి సమాధానం రాయమన్నారు. రెండుసార్లు రాశాను. రెండుసార్లూ "ఇది సారాంశం, వాదం కాదు" అని తిప్పి పంపారు. తేడా ఎక్కడుందో అర్థం కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

సారాంశం వ్యాసం నడిచిన వరసలో నడుస్తుంది. మొదట ఇది చెప్పాడు, తర్వాత అది చెప్పాడు, చివరికి ఇలా ముగించాడు అంటూ పోతుంది. వాదాన్ని విప్పి రాసేటప్పుడు ఆ వరస పనికిరాదు. ఏ మాట ఏ మాటను మోస్తోందో ఆ వరసలో రాయాలి. మీ కాగితంలో వాక్యానికీ వాక్యానికీ మధ్య "తర్వాత", "అలాగే", "ఇంకా" కనిపిస్తుంటే అది సారాంశం. "ఎందుకంటే", "కాబట్టి" పెట్టినా అర్థం చెడకుండా నిలబడితే అది వాదం. ముందు మీ పాత కాగితం మీదే ఈ పరీక్ష చేసి చూడండి, ఎక్కడ జారిందో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

పని చివరి నుంచి మొదలుపెట్టాలి. అంటే ఆయన తేల్చదలచుకున్న మాట, అదే నిగమనం, ఏమిటో ముందు పట్టుకోవాలి. ఈ వ్యాసంలో అది చివర కాదు, మొదట్లోనే ఉంది. కలిగిన దేశాల వాళ్లు, అప్పట్లో తిండి, గూడు లేక జనం చస్తున్న తూర్పు బెంగాల్‌లాంటి పరిస్థితికి స్పందిస్తున్న తీరు సమర్థనీయం కాదని, మన నైతిక ఆలోచన తీరే మారాలని చూపిస్తానని సింగర్ ముందే చెప్పేస్తాడు. ఇందులో రెండు మాటలున్నాయి చూడండి. ఒకటి చిన్నది: ఇవ్వాలి. రెండోది పెద్దది: కర్తవ్యం, దానం అని మనం గీసుకున్న గీతే తప్పు. రెండోది మొదటిదాని మీద నిలబడింది. కాబట్టి మొదటిదాన్ని నిగమనంగా పెట్టుకుని దానికి కావలసిన ఆధార వాక్యాలు, అంటే మీరన్న ప్రెమిసులు, వెతకండి. రెండూ కలిపి ఒకే నిగమనంలో కుక్కితే ఎన్ని ఆధారాలు పెట్టినా చాలవు.

ఆ చిన్న నిగమనాన్ని తెలుగులో రాసేటప్పుడే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. చాలామంది "మనం పేదలకు దానం చేయాలి" అని రాస్తారు. దానం అన్న మాట వినగానే మన చెవికి పుణ్యం వినిపిస్తుంది. చేస్తే గొప్ప, చేయకపోతే తప్పేం లేదు. సింగర్ కొట్టేయాలని చూస్తున్నది సరిగ్గా ఆ భావననే. మీరు "దానం" అని రాసిన క్షణంలో ఆయన నిగమనంలోకి ఆయన ప్రత్యర్థి భావనను దూర్చేసినట్టే. "చేస్తే మంచిది" అన్నా అంతే. "ఇవ్వకపోవడం తప్పు" అని రాయండి, లేదా "ఇచ్చి తీరాలి" అనండి. ఈ ఒక్క మాట సరిగా పడితే తర్వాతి సగం పని తేలికవుతుంది.

ఇక వ్యాసం దగ్గరకు రండి. ఒక్కో పేరా పక్కన అది చేస్తున్న పని ఏమిటో ఒక్క మాటలో రాసుకోండి: పరిస్థితి, ఆధారం, ఉదాహరణ, ఆక్షేపణ, సమాధానం, పర్యవసానం. అది ఏం చెబుతోంది అన్నది ఇప్పుడు వద్దు, ఏం పని చేస్తోంది అన్నది చాలు. సింగర్ 1971 నవంబర్‌లో రాస్తున్నానని చెప్పి మొదలుపెడతాడు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులు 90 లక్షల మంది, బ్రిటన్ ఇచ్చింది కోటీ 47 లక్షల 50 వేల పౌండ్లు, అదే బ్రిటన్ కాంకార్డ్ విమానం మీద తిరిగిరాని ఖర్చుగా అప్పటికే పెట్టింది 27 కోట్ల 50 లక్షల పౌండ్ల పైమాటే. ఈ అంకెలు మనసును పట్టేస్తాయి. అందుకే వీటిని మొదటి ఆధార వాక్యంగా ఎక్కించేస్తుంటారు. కానీ ఇవి పరిస్థితి. రేపు వేరే చోట వేరే కరువు వస్తే అంకెలన్నీ మారతాయి, వాదం మారదు. అంకెలు తీసేసినా వాదం నిలబడుతుందంటే అవి ఆధార వాక్యాలు కావని అర్థం. అయితే వాటిని పూర్తిగా పారేయకండి, కాసేపట్లో ఒక చోట పనికొస్తాయి.

ఈ వ్యాసం మీద సాధారణంగా వచ్చే మొదటి ప్రయత్నం ఇలా ఉంటుంది:

1. ఆకలితో చావడం చెడ్డది.
2. చెరువులో మునిగిపోతున్న పిల్లవాణ్ణి కాపాడాలి.
3. కాబట్టి బెంగాల్ శరణార్థులకు డబ్బు ఇవ్వాలి.

చదవడానికి బాగానే ఉంది. ఇప్పుడొక మొండి మనిషిని ఊహించుకోండి. "ఒకటి ఒప్పుకున్నాను, రెండు ఒప్పుకున్నాను, మూడోది మాత్రం ఒప్పుకోను" అంటాడు. ఆ మనిషి తనను తానే కాదనుకున్నట్టా? కాదు. చెరువు గురించి ఒప్పుకున్నంత మాత్రాన బెంగాల్ గురించి ఒప్పుకోవలసిన పని లేదు. అంటే రెంటికీ మూడుకీ మధ్య గండి ఉంది. ఈ మొండి మనిషి పరీక్ష ప్రతి "కాబట్టి" దగ్గరా చేయండి. పై మాటలన్నీ ఒప్పుకుని కింది మాట కాదంటే తనను తానే కాదనుకున్నట్టయ్యే స్థితి వచ్చేదాకా ఆగకండి.

గండిని పూడ్చే వాక్యం వ్యాసంలోనే ఉంది. బాధ, చావు చెడ్డవి అని చెప్పి, దానికి వాదించనని చెప్పి, వెంటనే సింగర్ ఒక సూత్రం పెడతాడు. దాన్ని చేర్చి మళ్లీ రాస్తే:

ఆ1. తిండి, గూడు, వైద్యం లేక కలిగే బాధ, చావు చెడ్డవి.

ఆ2. ఒక చెడు జరగకుండా ఆపడం మన చేతిలో ఉండి, అందుకు నైతికంగా చెప్పుకోదగ్గదేదీ వదులుకోనక్కర్లేకపోతే, మనం దాన్ని ఆపి తీరాలి.

ఆ3. సహాయ సంస్థలకు డబ్బు ఇస్తే అలాంటి బాధను, చావును కొంతైనా ఆపడం కలిగిన దేశాల వాళ్ల చేతిలో ఉంది. కొంత మొత్తం దాకా అందుకు వాళ్లు నైతికంగా చెప్పుకోదగ్గదేదీ వదులుకోనక్కర్లేదు.

ని. కాబట్టి కలిగిన దేశాల వాళ్లు ఆ మొత్తం దాకా ఇచ్చి తీరాలి, ఇవ్వకపోవడం తప్పు.

ఆ3 ఈ రూపంలో వ్యాసంలో ఎక్కడా కనిపించదు. రచయిత చెప్పకుండా వదిలేసిన ఆధారం అది. లేకుండా వాదం నడవదు గనక మనమే రాయాలి, రాసి "వ్యాసంలో నేరుగా లేదు" అని పక్కన గుర్తు పెట్టాలి. దానికి బలమిచ్చే మాటలు మాత్రం వ్యాసంలో ఉన్నాయి. సహాయ సంస్థలు పంపే నిపుణులు, పర్యవేక్షకులు ఉండగా మన సాయం మన వీధిలో మనిషికి చేరినంత బాగా, దాదాపుగా, బెంగాల్ శరణార్థికి కూడా చేరుతుందంటాడు సింగర్. అది ఆ3 మొదటి సగానికి అండ. రెండో సగానికి కాంకార్డ్ అంకెలు అండగా నిలుస్తాయి: డబ్బు లేక ఇవ్వకపోవడం కాదని అవి చూపిస్తాయి. అంకెలు పనికొస్తాయని చెప్పింది ఇక్కడే. ఆ3 కింద ఒక్క వాక్యంలో వాటికి చోటివ్వండి, అంతకు మించి వద్దు.

రాసిన తర్వాత ముఖ్యమైన మాటల కింద గీత గీయండి: "చెడు", "ఆపడం చేతిలో ఉండటం", "నైతికంగా చెప్పుకోదగ్గది", "తీరాలి". ఒక్కొక్కటీ కనీసం రెండు చోట్ల కనిపించాలి. ఒకే చోట కనిపించి మాయమైన మాట ఉంటే, అది ఎక్కడా అతుక్కోలేదని అర్థం. రచయిత అదే సంగతిని నాలుగు రకాల మాటల్లో చెప్పి ఉండొచ్చు, వ్యాసానికి అది అందం. మీ కాగితంలో మాత్రం ఒక సంగతికి ఒకే మాట. ఆ2లో "చెప్పుకోదగ్గది" అని ఆ3లో "ముఖ్యమైనది" అని రాస్తే, రెండూ ఒకటేనా అన్న కొత్త ప్రశ్న మీరే పుట్టించినవారవుతారు.

ఈ వ్యాసంలో ఆ జారుడు పెద్ద నష్టమే చేస్తుంది, ఎందుకంటే ఆ2ను సింగర్ రెండు రూపాల్లో ఇస్తాడు. బలమైన రూపంలో "ఆ చెడుతో నైతికంగా సమానమైనదేదీ" వదులుకోనక్కర్లేకపోతే అని ఉంటుంది. మెత్తని రూపంలో "నైతికంగా చెప్పుకోదగ్గదేదీ" అని ఉంటుంది. బలమైనదాన్ని పట్టుకుంటే, ఇంకొక్క పౌండు ఇస్తే నాకూ నా మీద ఆధారపడ్డవాళ్లకూ కలిగే నష్టం ఆ పౌండు వల్ల శరణార్థికి కలిగే మేలుతో సమానమయ్యే దాకా ఇస్తూ పోవాలి. అంటే దాదాపు ఆ శరణార్థి స్థితికి దిగేదాకా అన్నమాట. మెత్తనిదాన్ని పట్టుకుంటే అంత దాకా పోనక్కర్లేదు, కానీ కొత్త బట్టల మీద, సరదాల మీద పెట్టే ఖర్చు చాలావరకు పోతుంది. తనకు బలమైన రూపమే సరైనదనిపిస్తోందని సింగర్ అంటాడు. అయినా మెత్తనిది ఒప్పుకున్నా మన జీవితం చాలా మారాల్సిందేనని చూపడానికి దాన్నీ పెట్టాడు. పైన నేను మెత్తనిదే తీసుకున్నాను, కారణం ఇది: ఆధారం ఎంత తక్కువ అడిగితే కాదనడం అంత కష్టం. నిగమనం నిలబడటానికి మెత్తనిది చాలినప్పుడు బలమైనది పెట్టి ప్రత్యర్థికి అనవసరంగా పట్టు ఇవ్వకూడదు. కానీ ఏది తీసుకున్నా చివరిదాకా అదే ఉంచాలి. ఆ2లో బలమైనది, ఆ3లో మెత్తనిది రాసిన కాగితాలు చాలా వస్తుంటాయి. అక్కడ వాదం తెగిపోయినట్టే.

ఇప్పుడు చెరువు సంగతి. పిల్లవాడు లోతు లేని చెరువులో మునిగిపోతున్నాడు, నేను దిగి తీస్తే బట్టలకు బురదవుతుంది, అంతే. పై నాలుగు వాక్యాల్లో ఈ పిల్లవాడు లేడు, గమనించారా? వ్యాసంలో సింగర్ దీన్ని సూత్రానికి ఒక వర్తింపుగానే ప్రవేశపెడతాడు. "చెరువులో కాపాడాలి, బెంగాల్ కూడా చెరువులాంటిదే, కాబట్టి బెంగాల్‌లోనూ కాపాడాలి" అని పోలిక మీద వాదం కట్టలేదు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ పర్యవసానం పెద్దది. పోలిక మీద కట్టిన వాదమైతే, రెంటికీ మధ్య ఏ తేడా చూపించినా అది ఆక్షేపణే. అక్కడ పిల్లవాడు కళ్లెదుట ఉన్నాడు, ఇక్కడ లేడు. అక్కడ నేనొక్కణ్ణే, ఇక్కడ లక్షలమంది. ప్రతి తేడాకీ విడిగా జవాబు చెప్పుకుంటూ పోవాలి. సూత్రం మీద కట్టిన వాదమైతే, తేడా చూపడం చాలదు. ఆ తేడా వల్ల ఆ2 ఎందుకు తప్పవుతుందో కూడా ఆక్షేపించేవాడే చెప్పాలి. భారం అటు మారింది.

మన తర్కశాస్త్రం చదివినవారికి ఇది వెంటనే తడుతుంది. కొండ మీద నిప్పుంది, పొగ ఉంది గనక. ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లోలాగా. ఇందులో వంటిల్లు దృష్టాంతం. కొండ వంటింటిలా ఉంది కాబట్టి నిప్పుందని ఎవరూ అనరు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న వ్యాప్తి నిలబడుతుందనడానికి వంటిల్లు ఒక తావు మాత్రమే. ఆ2 ఇక్కడ వ్యాప్తి స్థానంలో ఉంది. ఆ3, ఈ కొండ మీద పొగ ఉందన్న మాట స్థానంలో ఉంది. చెరువు వంటిల్లు. (ఆ2 "ఉంటుంది" అనే మాట కాదు, "చేసి తీరాలి" అనే మాట, కాబట్టి పోలికను ఇంతకు మించి లాగకండి.) కాగితంలో చెరువును ఆ2 కింద, దానికి అండగా, రెండు వాక్యాల్లో పెట్టండి. దానికి సంఖ్య ఇవ్వకండి.

ఆక్షేపణ దగ్గరకు వద్దాం. "కొందరు దీన్ని ఒప్పుకోరు" అనేది ఆక్షేపణ కాదు. ఆక్షేపణ కూడా ఒక వాదమే. దానికీ ఆధారాలుంటాయి, నిగమనం ఉంటుంది, ఆ నిగమనం మీ కాగితంలో సంఖ్య వేసిన ఒకానొక వాక్యాన్ని కాదనాలి. ఏ సంఖ్యను కాదంటోందో పక్కన రాయలేకపోతే ఆ ఆక్షేపణ ఇంకా తయారు కానట్టే. ఉదాహరణకు, ప్రైవేటు విరాళాలు పెరిగితే ప్రభుత్వాలు చేతులు దులుపుకుంటాయన్న మాట ఆ2ను తాకదు, ఆ3ను తాకుతుంది: మీ డబ్బు నిజానికి చెడును ఆపదని అది అంటోంది. ఇప్పుడు ఆకలి తీర్చినా జనాభా పెరిగి రేపు మళ్లీ కరువే వస్తుందన్న మాట కూడా ఆ3 మీదకే వస్తుంది. "ఇది మరీ అతి, ఎవరూ ఇలా బతకరు" అన్నది నేరుగా నిగమనాన్ని కొడుతుంది. అలా నిగమనాన్ని మాత్రమే కాదన్నవాడు ఏ ఆధారం కూలిందో కూడా చెప్పాలి. జనం ఎలా తీర్పు చెబుతున్నారన్నది తన నిగమనం చెల్లుబాటుకు సంబంధించింది కాదని సింగర్ ఇచ్చే జవాబు అక్కడి నుంచే వస్తుంది.

మీ పనికి వీటన్నిటికన్నా మంచి ఆక్షేపణ ఒకటుంది. వ్యాసంలో దాన్ని సింగరే వాదరూపంలో పెట్టి, ఎక్కడ విరిగిందో చూపిస్తాడు. విప్పి రాయడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి తావు నాకు తెలిసి ఈ వ్యాసంలో లేదు. ఐదు పౌండ్ల వాదం అది:

అ1. నాలాంటి స్థితిలో ఉన్నవాళ్లందరూ బెంగాల్ సహాయ నిధికి తలా 5 పౌండ్లు ఇస్తే, శరణార్థులకు తిండి, గూడు, వైద్యం సరిపోతాయి.

అ2. నాలాంటి స్థితిలో ఉన్న ఇంకెవరికన్నా నేను ఎక్కువ ఇవ్వాలనడానికి కారణం లేదు.

అ-ని. కాబట్టి 5 పౌండ్లకు మించి ఇచ్చే బాధ్యత నాకు లేదు.

అ1 నిజమే అనుకుందాం, అ2 కూడా నిజమే అనుకుందాం. సింగర్ రెంటినీ ఒప్పుకుంటాడు. చదివితే నిగమనం కూడా సాఫీగా వచ్చినట్టే ఉంది. పైన చెప్పిన మొండి మనిషిని ఇక్కడికి పిలవండి. "అ1 ఒప్పుకున్నాను, అ2 ఒప్పుకున్నాను. కానీ మిగతావాళ్లు ఇవ్వడం లేదు కదా, అప్పుడేం?" అంటాడు. అ1లో "ఇస్తే" ఉంది. నిగమనంలోకి వచ్చేసరికి ఆ "-తే" పోయింది. దాన్ని తిరిగి పెట్టి చూడండి: "నాలాంటి వాళ్లందరూ 5 పౌండ్లు ఇస్తే, అంతకు మించి ఇచ్చే బాధ్యత నాకు లేదు." ఇది సరైన నిగమనమే. కానీ అందరూ ఇవ్వడం లేదని తెలిసినప్పుడు ఈ వాక్యం నా గురించి ఏమీ చెప్పదు. ఇవ్వనివాళ్లున్నారు గనక శరణార్థులకు చాలినంత చేరదు, కాబట్టి 5 పౌండ్లకు మించి నేనిస్తే ఆగే బాధ ఇంకా మిగిలే ఉంది.

తెలుగులో ఈ తప్పు పట్టుకోవడం ఒక రకంగా తేలిక, ఎందుకంటే షరతు క్రియకే అంటుకుని ఉంటుంది: ఇస్తే, ఉంటే, చేస్తే. ప్రతి ఆధార వాక్యంలో "-తే" ఉందేమో చూడండి. ఉంటే, ఆ షరతు తీరిందని చెప్పే వాక్యం ఇంకెక్కడైనా ఉండాలి, లేకపోతే "-తే" నిగమనం దాకా రావాలి. ఈ రెండూ జరగకపోతే అక్కడ మోసం ఉంది. ఆ2లోనూ "వదులుకోనక్కర్లేకపోతే" అన్న షరతు ఉంది చూడండి. దాన్ని తీర్చే వాక్యమే ఆ3. అందుకే ఆ3 లేకుండా వాదం నడవదని పైన అన్నది.

అదే ఆకారంలో ఇంకో వాదం కట్టి చూడటం మరో పరీక్ష. రోడ్డు మీద ఆటో ఒరిగి మనిషి కింద ఇరుక్కున్నాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. పదిమందీ తలో చెయ్యి వేస్తే ఆటో తేలిగ్గా లేస్తుంది. మిగతా తొమ్మిదిమంది కన్నా నేనెక్కువ బలం పెట్టాలనడానికి కారణం లేదు. కాబట్టి నేను ఒక చెయ్యి వేసి ఊరుకుంటే చాలు. ఏడుగురు చేతులు కట్టుకుని చూస్తుంటే కూడా? ఈ నిగమనం తప్పని ఎవరికైనా తోస్తుంది. ఆకారం అదే, ఆధారాలు అంత నిజమైనవే, నిగమనం తప్పు. అంటే తప్పు ఆకారంలోనే ఉంది.

సింగర్ ఇక్కడ ఆగడు. ప్రత్యర్థి వెంటనే ఏమనగలడో కూడా చూస్తాడు. అందరూ ఇలాగే ఆలోచించి 5 పౌండ్లకు మించి ఇచ్చేస్తే, అవసరానికి మించి డబ్బు చేరి కొంత త్యాగం వృథా అవుతుంది కదా. ప్రతివాడూ తన బాధ్యత నెరవేరిస్తే, కొంచెం తక్కువ చేసి ఉన్నప్పటికన్నా ఫలితం చెడిపోవడం వింత కాదా? దానికాయన జవాబు: ఇతరులు ఇవ్వబోతున్నది నాకు తెలియకుండా, అందరూ ఒకేసారి ఇచ్చినప్పుడే ఆ వింత వస్తుంది. ఇతరులు ఇస్తున్నారని తెలిస్తే నా బాధ్యత ఆ మేరకు తగ్గుతుంది, ఎందుకంటే నిజంగా ఉన్న పరిస్థితే బాధ్యతను నిర్ణయిస్తుంది. ఇది మీ కాగితంలో ఒక చిన్న పేరా చాలు. కానీ వదిలేయకండి: "-తే"ను తిరిగి పెట్టిన జవాబుకు ఎదురయ్యే సహజమైన ప్రశ్న అదే.

ఇక్కడిదాకా రాస్తే మంచి కాగితమే. అయితే మీ సొంత ఆలోచన కనిపించే చోటు ఇంకో అడుగు ముందుంది. సింగర్ కొట్టింది షరతు జారిన వాదాన్ని. అదే ఆక్షేపణను షరతు లేకుండా, మరింత గట్టిగా కట్టవచ్చు. ఆటో బదులు అపార్ట్‌మెంట్ తీసుకోండి. 40 ఇళ్లున్నాయి, మోటారు బాగుచేయడానికి 20,000 రూపాయలు కావాలి, తలా 500. పదిహేను ఇళ్లవాళ్లు ఇవ్వలేదు. "నా 500 ఇచ్చాను, వాళ్ల వాటా కూడా నేనెందుకు కట్టాలి?" అని మీరడిగితే అది అన్యాయమైన ప్రశ్నగా ఎవరికీ తోచదు. ఈ ఊహను వాక్యంగా మారిస్తే: "ఇతరులు తమ వాటా ఇచ్చినా ఇవ్వకపోయినా, నా బాధ్యత నా న్యాయమైన వాటా వరకే." ఇందులో "-తే" లేదు. దీన్ని అ2 స్థానంలో పెట్టి, "నా వాటా 5 పౌండ్లు" అని చేరిస్తే నిగమనం చెడకుండా వస్తుంది. అంటే "నువ్వు షరతు వదిలేశావు" అన్న జవాబు ఇక్కడ చెల్లదు. తర్వాతి కాలంలో తత్వవేత్త లియామ్ మర్ఫీ నిలబెట్టిన వాదం స్థూలంగా ఈ దారిలోదే.

చాలా కాగితాలు విఫలమయ్యేది ఇక్కడే. ఆక్షేపణను గట్టిగా కట్టి, జవాబు మాత్రం పాత బలహీనమైన ఆక్షేపణకు ఇస్తారు. లేదా "అయినా పిల్లలు చచ్చిపోతున్నారు కదా" అని నిగమనాన్నే ఇంకోసారి చెప్పి ఊరుకుంటారు. జవాబు రాసేముందు, ఆక్షేపణలోని ఏ సంఖ్యను తాకుతున్నానో చెప్పుకోండి. ఇక్కడ తాకవలసింది "వాటా వరకే" అన్న వాక్యాన్ని. దాన్ని తాకే మార్గం మళ్లీ చెరువు దగ్గరే ఉంది. చెరువులో ఇద్దరు పిల్లలు, ఒడ్డున ఇద్దరు పెద్దలు. నా వాటా ఒక పిల్లవాడు. నేనొకణ్ణి తీశాను. రెండో మనిషి కదలలేదు. "నా వాటా అయిపోయింది" అని నేను బట్టలు పిండుకుంటూ వెళ్లిపోతే తప్పు చేసినట్టా కాదా? తప్పే అంటే "వాటా వరకే" అన్న సూత్రం అన్నిచోట్లా నిజం కాదు.

ఈ జవాబు ఎంత దూరం పోతుందో కూడా నిజాయితీగా రాయాలి. సూత్రం అన్నిచోట్లా చెల్లదని మాత్రమే ఇది చూపించింది, ఎక్కడా చెల్లదని కాదు. మోటారు విషయంలో అది చెల్లినట్టే ఉంది. అప్పుడు ప్రత్యర్థి, బెంగాల్ మోటారులాంటిదే గానీ చెరువులాంటిది కాదని అనవచ్చు. మీరు తేడా చెప్పాలి: మోటారు బాగవకపోతే అందరికీ ఇబ్బంది, చెరువులో రెండో పిల్లవాడి ప్రాణమే పోతుంది, పైగా ఒడ్డున కదలని మనిషి చేసిన తప్పుకు శిక్ష పడేది ఆ పిల్లవాడికి. శరణార్థి స్థితి ఈ రెండింటిలో దేనికి దగ్గరో చెబుతూ మూడు నాలుగు వాక్యాలు రాస్తే జవాబు పూర్తవుతుంది. జవాబు వల్ల అసలు వాదంలో ఏదైనా మార్చుకోవలసి వస్తే, ఆ సంఖ్యను కొత్త రూపంలో మళ్లీ రాసి చూపించండి. ఒప్పుకోవలసింది ఒప్పుకుని పాత వాక్యాన్నే ఉంచేస్తే, చదివేవాళ్లకు మీరు దేన్ని సమర్థిస్తున్నారో తెలియదు.

పొడవు గురించి: నాలుగు వాక్యాల వాదం, ఒక్కో ఆధారానికి రెండు మూడు వాక్యాల వివరణ మొదటి పేజీకి సరిపోతాయి. ఆ1కు ఒక్క వాక్యం చాలు, దాన్నెవరూ కాదనరు. ఆ2కే ఎక్కువ చోటు. ఐదు పౌండ్ల వాదం, సింగర్ జవాబు రెండో పేజీకి, గట్టిపరచిన ఆక్షేపణ, మీ జవాబు మూడో పేజీకి. జనాభా, ప్రభుత్వం లాంటి మిగతా ఆక్షేపణలు వ్యాసంలో ఉన్నాయి కదా అని అన్నిటినీ ఎక్కించవద్దు. అడిగింది ఒకటే.

ఇచ్చేముందు ఈ వ్యాసం చదవని మిత్రుడెవరికైనా మీ సంఖ్యల వాక్యాలు మాత్రం చూపించి, "నిగమనం నీకు నచ్చకపోతే ఏ సంఖ్యను కాదంటావు?" అని అడగండి. వ్యాసం ఊసెత్తకుండా ఒక సంఖ్య మీద వేలు పెట్టగలిగితే సరిగా విప్పినట్టు. "అసలు ఆయన ఏమన్నాడు?" అని ఎదురు అడిగితే, వాదంలో కొంత భాగం ఇంకా వ్యాసంలోనే ఉండిపోయింది. ఏ వాక్యం దగ్గర అడిగారో గుర్తుపెట్టుకుని అక్కడే మళ్లీ రాయండి.